‘అన్నా, చిన్న వీడియో’

కాలేజీ ఫెస్ట్ అయిన మర్నాడే ఎడిటింగ్ తెలిసిన ఫైనలియర్ కుర్రాడికి మెసేజ్ వస్తుంది: ‘అన్నా, చిన్న వీడియో చేసి పెట్టవా?’ ఆ ‘చిన్న’ దగ్గరే వస్తుంది చిక్కు. చూసేవాళ్లకు మూడు నిమిషాలే. చేసేవాడు మాత్రం నాలుగు గంటల ఫుటేజీ ముందు చూడాలి, కత్తెర పట్టేది ఆ తర్వాతే.

ఓ కల్చరల్ క్లబ్ సెక్రటరీ, థర్డ్ ఇయర్ అమ్మాయి, రాసిన ఉత్తరం ఇలా ఉంది:

‘అన్నా, నమస్తే. ఫెస్ట్ హైలైట్స్ వీడియోకి మీ సాయం కావాలి. ఒక కెమెరా, రెండు ఫోన్లలో తీసింది మొత్తం 4 గంటలు. మేం కూర్చుని చూసి, పనికొచ్చే 40 నిమిషాలు విడిగా పెట్టాం. 3 నిమిషాల అడ్డం వీడియో కావాలి. డాన్సు, నాటకం, బహుమతులు తప్పక ఉండాలి. 20న ఆడిటోరియంలో వేస్తాం, 17కి అందితే చాలు. మార్పులుంటే అందరినీ అడిగి నేనే ఒక్కసారి చెప్తాను. డబ్బులివ్వలేం, చివర్లో మీ పేరు వేస్తాం. ప్లేస్‌మెంట్ల హడావుడిలో ఉన్నారని తెలుసు. కుదరకపోతే ఆదివారంలోగా చెప్పేయండి, మొహమాటం వద్దు. ఫొటోలతో సరిపెట్టుకుంటాం.’

ఇందులో నాకు నచ్చింది ‘నేనే ఒక్కసారి’ అన్న మాట. సాధారణంగా ఒక సారు ఒకటి మార్చమంటారు, రాత్రి పదింటికి ఇంకొకరు ప్రిన్సిపాల్ ప్రసంగం పెట్టమంటారు. షాట్లన్నీ పాట దరువుకి కోసి ఉంటాయి కదా, మొదట్లో ఐదు సెకన్లు చొప్పిస్తే ఆ వెనకున్న కోతలన్నీ దరువు తప్పుతాయి. మళ్లీ కూర్చోవాల్సిందే.

క్లిప్పులు పంపే దారి గురించి మాత్రం ఉత్తరంలో లేదు. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది ఫైలును కుదించేస్తుంది. ఫోన్‌లో తేడా తెలియదు గానీ, ఆడిటోరియం తెర మీద మొహాలు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. హార్డ్ డిస్క్‌లో కాపీ చేసి ఇవ్వడం మేలు.

రెండో లోటు శబ్దం. ఫోన్‌లో రికార్డయిన పాట స్పీకర్ హోరుకి పగిలిపోయి ఉంటుంది. అసలు పాట ఫైలు తెచ్చి ఆ దృశ్యాల కింద వేయాలి. అక్కడా ఓ మెలిక ఉంది. చాలా ఫోన్లు సెకనుకి ఇన్ని ఫ్రేములని ఒకే లెక్కన తీయవు, వెలుతురును బట్టి హెచ్చుతగ్గులుంటాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో అలాంటి క్లిప్ మొదట్లో పాటతో కలిసి నడిచి, చివరికొచ్చేసరికి అడుగు ఒకచోట, దరువు ఒకచోట పడతాయి. పని మొదలుపెట్టకముందే HandBrake లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్రేముల వేగాన్ని ఒకే లెక్కకి మార్చుకుంటే ఈ బాధ తప్పుతుంది.

సీనియర్ జవాబు రెండు ముక్కలే: ‘సరేనమ్మా, చేస్తా. ఆ 40 నిమిషాలతో పాటు డాన్సు పాటల పెన్‌డ్రైవ్ కూడా తీసుకురా.’