ఆ కాగితాన్ని గోడ మీంచి తీసేద్దామా?

2009లో అమెరికాలో కొందరు మనుషులు పెట్రోల్ బంకుల పక్కనుండే చిన్న చిన్న దుకాణాలకు వెళ్లి, అక్కడున్న మోట్రిన్ నొప్పి మాత్రలన్నీ కొనేశారు. వాళ్లకు తలనొప్పీ లేదు, ఒళ్లునొప్పులూ లేవు. ఆ మందు తయారుచేసే మెక్‌నీల్ కంపెనీ తరఫున కాంట్రాక్టు పని మీద వచ్చినవాళ్లు. మామూలు కొనుగోలుదారుల్లా ప్రవర్తించాలనీ, సరుకు వెనక్కి తీసుకుంటున్నామన్న మాట ఎక్కడా అనకూడదనీ వాళ్లకు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఆ మాత్రలు కరగాల్సినట్టు కరగడం లేదని కంపెనీ పరీక్షల్లోనే తేలింది. నలుగురికీ చెప్పి వెనక్కి రప్పించాల్సిన సరుకును చప్పుడు కాకుండా కొని మాయం చేయాలనుకున్నారన్నమాట. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ కమిటీ విచారణలో ఈ బండారమంతా బయటపడింది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, మెక్‌నీల్ అప్పట్లో జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన సంస్థ. కంపెనీకి విలువలంటూ ఉంటే ఎలా ఉండాలో చెప్పడానికి మేనేజ్‌మెంట్ పాఠాల్లో నలభై ఏళ్లుగా చూపిస్తున్న ఉదాహరణ కూడా ఇదే కంపెనీ, అందులోనూ ఇదే మెక్‌నీల్. ఒకే గూటి నుంచి రెండు రకాల నడవడి ఎలా వచ్చిందో చూస్తే, ఏ కంపెనీ విలువల్లో పస ఉందో, ఏవి ఉత్త నినాదాలో తేల్చే పద్ధతి దొరుకుతుంది.

1943లో, కంపెనీ షేర్లు జనానికి అమ్మకానికి రావడానికి కాస్త ముందు, ఛైర్మన్ రాబర్ట్ వుడ్ జాన్సన్ ఒక పేజీ రాశారు. దాన్ని ‘క్రెడో’ అంటారు. అందులో కంపెనీ ఎవరికి బాధ్యత వహించాలో వరస పెట్టి చెప్పారు. మొదట మందు వాడేవాళ్లు, డాక్టర్లు, నర్సులు, తల్లులు. తర్వాత ఉద్యోగులు. ఆ తర్వాత చుట్టూ ఉన్న సమాజం. అందరికన్నా ఆఖరున వాటాదారులు.

ఈ వరసలోనే మొదటి పరీక్ష ఉంది. రాసుకున్న విలువను తిరగేసి చూడండి. ఆ తిరగేసిన మాటను బుద్ధి ఉన్న మరో కంపెనీ పైకి చెప్పుకోగలదా? ‘మేం నిజాయితీగా ఉంటాం’ అన్నది తిరగేస్తే ‘మేం మోసం చేస్తాం’ అని వస్తుంది. అలా చెప్పుకునే కంపెనీ భూమ్మీద ఉండదు. కాబట్టి మొదటి మాట చెప్పినందువల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు. గౌరవం, నిజాయితీ, సంభాషణ, శ్రేష్ఠత అనే నాలుగు విలువలను ఎన్‌రాన్ ప్రకటించుకుంది. 2001 డిసెంబరులో దివాలా తీసేవరకూ వాటిలో ఒక్క అక్షరమూ మార్చాల్సిన అవసరం దానికి రాలేదు. క్రెడో సంగతి వేరు. ‘వాటాదారులే ముందు’ అని బాహాటంగా వాదించినవాళ్లు ఉన్నారు. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1970లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దాదాపు అదే రాశారు. అంటే క్రెడో రెండు దారుల్లో ఒకదాన్ని ఎంచుకుంది. ఎంపిక ఉన్నచోటే విలువకు అర్థం ఉంటుంది. నిజాయితీ అక్కర్లేదని కాదు, అది కనీస ధర్మం. ఫ్రేము కట్టించి తగిలించుకోవాల్సిన ప్రత్యేకత కాదు.

మాట బాగుంటే సరిపోదు. 1970ల్లో కంపెనీ పగ్గాలు చేతికొచ్చిన జేమ్స్ బర్క్‌కు ఈ అనుమానమే వచ్చింది. క్రెడో ప్రతి ఆఫీసు గోడ మీదా ఉంది గానీ ఎవరైనా దాన్ని పట్టించుకుంటున్నారా? ఆయన పెద్ద అధికారులను ఒక గదిలో కూర్చోబెట్టి, దీని ప్రకారం నడవలేకపోతే గోడ మీంచి తీసేద్దాం, మార్చాలంటే ఎలా మార్చాలో చెప్పండి, ఉంచాలంటే దానికి కట్టుబడండి అన్నారు. ఈ సమావేశాలకు ‘క్రెడో ఛాలెంజ్’ అని పేరు పడింది. తర్వాత వాటిని వేర్వేరు చోట్ల, వేర్వేరు మేనేజర్లతో జరిపారు. తీసేసే అవకాశాన్ని నిజంగానే బల్ల మీద పెట్టడం ఇందులో అసలు విషయం. చాలా కంపెనీల్లో ఏం జరుగుతుందంటే, ఒక ఏజెన్సీ వచ్చి రెండు రోజుల వర్క్‌షాప్ పెట్టి, రంగుల చీటీలు అంటించి, అయిదు మాటలు తేలుస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఎవరూ కాదనని చోట ఎవరూ ఒప్పుకున్నట్టు కూడా కాదు.

1982 సెప్టెంబరు ఆఖర్లో షికాగో చుట్టుపక్కల టైలెనాల్ గొట్టాలు మింగిన ఏడుగురు చనిపోయారు. ఎవరో దుకాణాల్లోని సీసాల్లో సైనైడ్ కలిపారు. ఆ హత్యలకు ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. కంపెనీ తప్పు లేదు, విషం ఫ్యాక్టరీలో కలవలేదు. దేశమంతటా సరుకు వెనక్కి తీసుకుంటే జనం బెదిరిపోతారని ప్రభుత్వాధికారులే వెనుకాడారని బర్క్ తర్వాత చెప్పారు. అయినా అక్టోబరు మొదటి వారంలో సుమారు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించారు. దీనికి 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కొన్ని వారాలకే సీసా మూతి మీద రేకు, మెడకు ప్లాస్టిక్ పట్టీ, అతికించిన అట్టపెట్టెతో టైలెనాల్ మళ్లీ వచ్చింది. ఇవాళ మందు సీసా తెరిచినప్పుడు మనం చించే సీలు అలా మొదలైన అలవాటే.

రెండో పరీక్ష ఇక్కడుంది. ఈ విలువ కోసం ఏం వదులుకున్నాం, ఎప్పుడు, ఎంత? తేదీ, సొమ్ము రెండూ చెప్పాలి. 2014లో అమెరికా మందుల దుకాణాల సంస్థ సీవీఎస్ తన దుకాణాల్లో సిగరెట్లు అమ్మడం మానేసింది. ఏటా సుమారు 200 కోట్ల డాలర్ల అమ్మకాలు పోతాయని తానే లెక్క చెప్పింది. ఆరోగ్యమే మా పని అన్న మాటకు అప్పుడు బరువొచ్చింది. మొక్కలు నాటడం, పండక్కి వీడియో చేయడం ఈ లెక్కలోకి రావు. అవి ప్రకటన ఖర్చులు.

ఈ పాఠం చెప్పేవాళ్లు ఎక్కువమంది ఇక్కడే కథ ఆపేస్తారు. నాకు మాత్రం 1982 కథ కన్నా 2009 కథే ఎక్కువ చెబుతుంది. టైలెనాల్ విషయంలో తప్పు బయటివాడిది. కంపెనీ కూడా బాధితురాలే. దేశం మొత్తం చూస్తోంది, దాచడానికీ ఏమీ లేదు. మోట్రిన్ విషయంలో తప్పు సొంతింటిది, పైగా ఎవరూ చూడటం లేదు. తప్పు మనదే అయినప్పుడు, చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నప్పుడు ఏం చేస్తామన్నది మూడో పరీక్ష, మూడింటిలోకీ కఠినమైనదీ ఇదే. దాన్ని మెక్‌నీల్ తప్పింది. 2010లో పిల్లల టైలెనాల్ సహా ద్రవరూప మందులను 13 కోట్ల సీసాలకు పైగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఫోర్ట్ వాషింగ్టన్ ఫ్యాక్టరీ మూతబడింది. సీసాల్లో లోహపు రేణువులు ఉన్నాయన్న ఫిర్యాదు అందిన తర్వాత చేయాల్సిన దిద్దుబాటు చేయలేదన్న కేసులో మెక్‌నీల్ 2015లో నేరం ఒప్పుకుని మొత్తం 2.5 కోట్ల డాలర్లు కట్టింది. అప్పుడూ క్రెడో గోడ మీదే ఉంది. ఒక తరం నాయకులు చేసిన త్యాగం తర్వాతి తరానికి ఆస్తిలా రాదు.

తప్పుదారి ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే జీతాల కాగితాలు తెరవాలి. వెల్స్ ఫార్గో బ్యాంకు ‘దృష్టి, విలువలు’ అంటూ ఒక పుస్తకమే అచ్చువేసింది. ఖాతాదారుడికి ఏది మంచిదో అదే చేయాలని అందులో ఉంది. అదే బ్యాంకు ఒక్కో ఖాతాదారుడికి ఎనిమిది రకాల ఖాతాలు, కార్డులు అంటగట్టాలని శాఖలకు లక్ష్యం పెట్టింది. ఉద్యోగం నిలబడటం, బోనస్ రావడం ఆ అంకె మీదే. చివరికి ఉద్యోగులు జనానికి తెలియకుండా వాళ్ల పేర ఖాతాలు తెరిచారు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అయిదేళ్లలో దాదాపు 5,300 మందిని తీసేశామని బ్యాంకే చెప్పింది. ఆ ఉద్యోగులు విలువల పుస్తకం చదవలేదని కాదు. నెలాఖరున మేనేజరు అడిగేది పుస్తకం గురించి కాదని వాళ్లకు తెలుసు. మీ కంపెనీలో పోయిన ఏడాది ప్రమోషన్ వచ్చిన పదిమంది ఎవరో, ఏం చేసినందుకు వచ్చిందో రాయండి. అదే మీ అసలు విలువల జాబితా.

బయటివాళ్లిచ్చే అవార్డులను ఈ పరీక్షల్లోకి రానివ్వకూడదు. హైదరాబాద్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మంచి పాలనకుగాను 2008లో సత్యం కంప్యూటర్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కల్లో మోసం చేశానని రామలింగరాజు ఉత్తరం రాశారు. అవార్డును తర్వాత వెనక్కి తీసుకున్నారు, అది వేరే సంగతి.

ఇక ఒక యాజమాన్యం ఈ పరీక్షలను ఎలా పెట్టుకోవాలి? ఒక పూట చాలు. పోయిన రెండేళ్లలో డబ్బుకూ మాటకూ పొత్తు కుదరని నిర్ణయాలను ఆరో ఏడో ఎంచుకోండి. ఆలస్యమైన సరుకు, నచ్చని ఖాతాదారు, బాగా అమ్మే కానీ నోరు మంచిదికాని మేనేజరు, దాచిపెట్టిన లోపం, ఇలాంటివి. ఒక్కో నిర్ణయం కింద అప్పుడు ఏ విలువ వర్తించిందో, చివరికి ఏది గెలిచిందో ఎవరికి వాళ్లు విడిగా రాయాలి. ముందే మాట్లాడుకుంటే ఎండీ గారి అభిప్రాయమే అందరి అభిప్రాయం అవుతుంది. తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. అయిదుగురు అయిదు రకాలుగా రాస్తే ఆ విలువకు కంపెనీలో ఇంకా అర్థమే స్థిరపడలేదన్నమాట. అందరూ ‘డబ్బే గెలిచింది’ అని రాస్తే, గోడ మీంచి తీసేయడమే మర్యాద. కనీసం ‘ఇలా ఉండాలనుకుంటున్నాం, ఇంకా లేం’ అని ఒప్పుకోవచ్చు. అందులో తప్పేమీ లేదు. ఇదే కసరత్తును గిడ్డంగిలో, కాల్ సెంటర్లో పనిచేసేవాళ్లతోనూ చేయించండి. వాళ్ల జవాబులు పైవాళ్ల జవాబులతో కలవకపోతే కిందివాళ్లనే నమ్మండి. ఖాతాదారుతో రోజూ మాట్లాడేది వాళ్లు.

దీనికీ ఒక హద్దుంది. కొత్తగా పెట్టిన కంపెనీకి వదులుకున్నదేదీ చూపించే అవకాశమే వచ్చి ఉండదు. అలాంటివాళ్లు జరిగిన నిర్ణయాల బదులు రాబోయేదాన్ని తీసుకుని, ఎంత నష్టం దాకా ఈ మాట మీద నిలబడతామో అంకె వేసి ఇప్పుడే రాసిపెట్టుకోవచ్చు. అంకె వేయడానికి చేయి రాకపోతే అదీ ఒక జవాబే.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లకూ ఇందులో పనికొచ్చేది ఒకటుంది. ఇంటర్వ్యూ చివర్లో ‘మీరేమైనా అడుగుతారా’ అన్నప్పుడు, గోడ మీది విలువల్లో ఒకదాన్ని చూపించి, దీనికోసం మీరు ఆఖరుసారి వ్యాపారం వదులుకున్నదెప్పుడు అని అడగండి. తేదీ, సొమ్ము చెబితే ఆ కంపెనీ గురించి మంచి సంగతి ఒకటి తెలిసినట్టే. నవ్వి మాట మారిస్తే జీతం ఎంతో, సెలవులెన్నో చూసుకుని నిర్ణయించుకోండి.