మూడు ధ్వనులు కలిస్తే ఒక మాట

ఇంగ్లిష్ చదవడం మొదలుపెట్టే పిల్లలకు ముందుగా ఇచ్చేవి సన్, పిన్, కప్ లాంటి మూడక్షరాల మాటలు. వీటిలో మొదటా చివరా హల్లు, నడుమ అచ్చు ఉంటాయి. అక్షరాల పేర్లు కాకుండా వాటి ధ్వనులు పలికి, ఒకదానితో ఒకటి కలిపి మాటను రాబట్టడమే ఇక్కడి అభ్యాసం.

కార్డు మీద మాట రాసి, ఒక్కో ధ్వనికి కింద ఒక్కో చుక్క పెడతారు. ఇవే ధ్వని బటన్లు. బిడ్డ చుక్కను వేలితో నొక్కుతూ ఆ ధ్వని పలుకుతుంది. చుక్కలు లెక్కించేది ధ్వనులనే, అక్షరాలను కాదు. ‘ఫిష్’ ఇంగ్లిష్‌లో నాలుగక్షరాలు, ధ్వనులు మాత్రం మూడే. అందుకే మొదటి రెండక్షరాల కింద చుక్కలు, ‘ష్’ అని పలికే చివరి జంట కింద ఒక గీత ఉంటాయి.

‘సన్’తో మొదలుపెట్టడం సులువు. స్, న్ ధ్వనులను సాగదీసి పలకవచ్చు. ట్, ప్, క్ లాంటివి సాగవు. బిడ్డ మొదటి చుక్క మీద ‘స్స్స్’, రెండోదాని మీద ‘అ’, మూడోదాని మీద ‘న్న్న్’ అంటుంది. తర్వాత చుక్కల కింద ఎడమ నుంచి కుడికి వేలు జరుపుతూ, మధ్యలో ఆగకుండా పలికితే ‘సన్’ వస్తుంది. చివరికి వచ్చేసరికి మొదటి ధ్వని మరిచిపోయే పిల్లలకు ముందు స్, అ కలిపి ‘స’ అనిపించి, ఆపైన ‘న్’ చేర్చాలి. గుణింతం వచ్చిన పిల్లలకు ఇది తెలిసిన పద్ధతే.

బొమ్మల కార్డులు మాట చదివాకే బయటికి రావాలి. సూర్యుడు, బన్ను, మేజోడు బొమ్మలు పరిచి, చదివిన మాటకు సరిపోయేది తీయమంటారు. బన్‌కూ సన్‌కూ మొదటి ధ్వనిలోనే తేడా. మేజోడుకు ఇంగ్లిష్ మాటైన ‘సాక్’ మొదలయ్యేది ‘స్’తోనే. కాబట్టి ఏదో ఒక ధ్వని విని ఊహిస్తే తప్పు బొమ్మ చేతికొస్తుంది. బొమ్మ ముందే కనిపిస్తే బిడ్డ అక్షరాలు చూడకుండానే పేరు చెప్పేస్తుంది.

తెలుగు పిల్లలు ఎక్కువగా తడబడేది హల్లు దగ్గర. ‘సు, అ, ను’ అని పలికితే ఎంత వేగంగా కలిపినా ‘సన్’ రాదు. ఇంట్లో వినేవి పెన్ను, కప్పు, బస్సు కాబట్టి చివర ‘ఉ’ చేరడం సహజం. దాన్ని వదిలించడానికి చివరి చుక్క దగ్గర న్ ధ్వనిని పొల్లుగానే ఆపి చూపాలి.

బొమ్మ సరిగ్గా తీసినంత మాత్రాన చదవడం వచ్చినట్టు కాదు. ఇంగ్లండ్‌లో 2012 నుంచి ఒకటో తరగతి పిల్లలకు జరిపే ఫోనిక్స్ పరీక్షలో 40 మాటలుంటే, 20 అర్థం లేని కల్పిత మాటలే. వాటిని ఊహించడం కుదరదు. ఇంట్లోనూ ‘నిమ్’, ‘సెప్’ లాంటివి చుక్కలు లేకుండా రాసి ఇవ్వవచ్చు. వాటినీ చదవగలిగితే కలపడం వచ్చినట్టే. ఇక చుక్కలు తీసేయవచ్చు.