తెల్లవారితే గురువారం: అతిథికి దారి చూపే గృహప్రవేశ పత్రిక

గృహప్రవేశ ముహూర్తాలు చాలావరకు తెల్లవారకముందే పడతాయి. చీకట్లో పాలు పొంగించి, పొద్దెక్కాక సత్యనారాయణ వ్రతం చేసుకుని, మధ్యాహ్నం భోజనాలు పెడతారు. ఇల్లేమో ఊరి చివర కొత్త లేఅవుట్‌లో ఉంటుంది. వీధికి పేరు పెట్టి ఉండరు, ఇంటి నంబరు కూడా ఇంకా రాకపోవచ్చు. పెళ్లికైతే ఫంక్షన్ హాలు పేరు చెబితే ఆటోవాళ్లే తీసుకెళ్లి దింపుతారు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పిలిచినవాళ్లలో ఎక్కువమంది ఆ దారిన రావడం అదే మొదటిసారి.

అందువల్ల గృహప్రవేశ పత్రికకు రెండు బాధ్యతలుంటాయి. పంచేటప్పుడు అది పిలుపు, మర్యాద. అతిథి బయలుదేరాక అదే దారి చూపే కాగితం. మన పత్రికల్లో మొదటి బాధ్యత బాగానే నెరవేరుతోంది. రెండోదాని మీద శ్రద్ధ తగ్గుతోంది. ఒక ఉదాహరణ తీసుకుని ఒక్కొక్క భాగం చూద్దాం. విజయవాడ బందరు రోడ్డులో పోరంకి దగ్గర కొత్త కాలనీలో ఒక కుటుంబం ఇల్లు కట్టుకుంది అనుకుందాం. నవంబరు 19 గురువారం తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకు ముహూర్తం. పత్రిక కొలత 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు. రెండు వైపులా అచ్చు.

ముందు కంటికి ఏది ఆనాలి

పత్రిక చేతికందగానే అతిథి వెతికేవి నాలుగు: ఏం శుభకార్యం, ఎవరింట్లో, ఎప్పుడు, ఎక్కడ. ఇవి చేయి చాపి పట్టుకున్నా చదవగలిగేలా ఉండాలి. భోజనాల వేళ, ఫోను నంబరు, పటం వంటివి రెండో వరుసలోకి వస్తాయి. ప్రార్థనా శ్లోకం, పంచాంగ వాక్యం, ‘బంధుమిత్రుల అభినందనలతో’ కింద వచ్చే పేర్లు మూడో వరుస. ఇవి తీసేయాల్సినవి కావు. వినాయకుడి బొమ్మ, ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ పైనే ఉంటాయి. కాకపోతే పైన ఉన్నదల్లా పెద్దదిగా ఉండనక్కర్లేదు. స్థానం మర్యాదను చెబుతుంది, అక్షరాల పరిమాణం అవసరాన్ని చెబుతుంది. ఈ రెంటినీ విడదీసి చూస్తే పెద్దలూ నొచ్చుకోరు, అతిథీ వెతుక్కోడు.

మన ఉదాహరణలో ‘గృహప్రవేశ ఆహ్వానం’ అన్న మాటకు 26 పాయింట్లు, తేదీకీ వేళకూ 18, చిరునామాకు 14, పంచాంగ వాక్యానికి 11 సరిపోతాయి. తెలుగులో 10 పాయింట్ల కంటే దిగడం మంచిది కాదు. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లీషుకు సరిపోయే పరిమాణంలో ‘లక్ష్మి’ అని వేస్తే మకారవత్తు మసకబారిపోతుంది. వరుసల మధ్య ఎడం కూడా అక్షరం పరిమాణానికి దాదాపు ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుకుంటాయి.

ఒక పత్రికకు రెండు ఫాంట్లు చాలు. శీర్షికకు రామభద్ర వంటి బొద్దుగా ఉండేది, మిగతాదానికి మండలి వంటి తేలికైనది తీసుకోవచ్చు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అను ఫాంట్ల వాడకం ఎక్కువ. అవి యూనికోడ్ కావు కాబట్టి మీరు వాట్సాప్‌లో పంపిన మాటల్ని అక్కడ మళ్లీ కొట్టాలి, లేదా కన్వర్ట్ చేయాలి. అంకెలు తారుమారయ్యేదీ, వత్తులు విడిపోయేదీ సాధారణంగా అక్కడే.

వారం దగ్గర వచ్చే చిక్కు

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. గోడమీది క్యాలెండరులో అర్ధరాత్రితో మొదలవుతుంది. గురువారం తెల్లవారుజామున 4 గంటలంటే పంచాంగం లెక్కన ఇంకా బుధవారమే. అందుకే పురోహితులు ‘బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం’ అని రాసిస్తారు. పత్రికలోకి వచ్చేసరికి ఇందులో సగం జారిపోయి ‘18 బుధవారం ఉదయం 4-12’ అని పడిందంటే, దాన్ని నమ్మినవాళ్లు ఒకరోజు ముందే వచ్చి తాళం వేసిన గేటు ముందు నిలబడతారు.

పంచాంగ వాక్యాన్ని పురోహితులు రాసిచ్చినట్టే ఉంచండి. పెద్ద అక్షరాల్లో మాత్రం క్యాలెండరు లెక్కే చెప్పండి:

నవంబరు 19, గురువారం
తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకు
(18 బుధవారం రాత్రి గడిచాక)

దాని కింద ‘వ్రతం: ఉదయం 9 గంటలకు’, ‘భోజనాలు: మధ్యాహ్నం 12 గంటల నుంచి’ అని వేర్వేరు వరుసల్లో ఇవ్వండి. ముహూర్తానికి దగ్గరివాళ్లు వస్తారు, భోజనానికి అందరూ వస్తారు. మూడు వేళల్నీ ఒకే వాక్యంలో గుచ్చితే ఎవరి వేళ వాళ్లు ఏరుకోవాల్సి వస్తుంది.

పటంలో మలుపులే ముఖ్యం

ఫోనులో మ్యాప్ ఉండగా పత్రికలో పటం దేనికని అడగవచ్చు. కొత్త కాలనీలో ఫోను మ్యాప్ తరచూ ఆఖరి మలుపు దగ్గరే చేతులెత్తేస్తుంది. వీధులు అందులోకి ఎక్కి ఉండవు, సిగ్నల్ తగ్గుతుంది, పిన్ను వెనక వీధిలో పడుతుంది. మీదట, మ్యాప్ తెరవని పెద్దలకూ, అద్దె కారు డ్రైవరుకూ చూపడానికి కాగితం కావాలి.

మనుషులు చేత్తో గీసే దారి పటాలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనీశ్ అగ్రవాల, క్రిస్ స్టోల్ట్ పరిశీలించి 2001లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. గీసేవాళ్లు దూరాల కొలత పాటించరు, రోడ్డు వంపుల్ని సాపు చేసేస్తారు, మలుపుల్ని మాత్రం స్పష్టంగా చూపిస్తారు. దారి తెలియడానికి కావలసింది కూడా అదే. కాబట్టి గూగుల్ మ్యాప్‌ను స్క్రీన్‌షాట్ తీసి అతికించకండి. అందులో మీ అతిథికి అక్కర్లేని వీధులు, దుకాణాలు ఎన్నో ఉంటాయి, అచ్చులో ఏ పేరూ చదవడానికి రాదు.

పోరంకి ఇంటికి పటం గీద్దాం. పత్రిక వెనకవైపు 9 సెంటీమీటర్ల వెడల్పు, 6 సెంటీమీటర్ల ఎత్తున పెట్టె తీసుకోండి. అతిథుల్లో ఎక్కువమంది బెంజ్ సర్కిల్ వైపు నుంచి వస్తారు కనుక బందరు రోడ్డును ఎడమనుంచి కుడికి ఒకే నిలువు గీతలా కాకుండా అడ్డంగా, తిన్నగా గీయండి. ఎడమ చివర ‘బెంజ్ సర్కిల్ నుంచి’, కుడి చివర ‘కంకిపాడు వైపు’ అని రాయండి. పోరంకి సెంటరులో ఎడమకు నిడమానూరు రోడ్డు చీలుతుంది. అక్కడ బాణం గుర్తు వేయండి. అక్కడినుంచి కాలనీ కమాను, కమాను దాటాక రెండో వీధి, అందులో కుడివైపు మూడో ఇల్లు అనుకుందాం. బెంజ్ సర్కిల్ నుంచి పోరంకి దాకా ఉన్న దూరమంతా పటంలో రెండు సెంటీమీటర్లలో ముగించవచ్చు. కమాను లోపలి మూడు వందల మీటర్లకే సగం పటం ఇవ్వాలి, జనం తప్పేది అక్కడే.

వెళ్లాల్సిన దారిని ముదురు రంగులో రెండు మిల్లీమీటర్ల మందాన, మిగతా రోడ్లను సన్నగా బూడిద రంగులో గీయండి. గుర్తులు నాలుగైదు మించవద్దు, అవి చీకట్లో కూడా కనబడేవై ఉండాలి. రాత్రంతా దీపాలుండే పెట్రోలు బంకు, గుడి గోపురం, నీళ్ల ట్యాంకు పనికొస్తాయి. టీ బడ్డీ పొద్దున నాలుగింటికి మూసి ఉంటుంది, ఫ్లెక్సీ అప్పటికి మారిపోవచ్చు. దారి తప్పితే తెలిసే గుర్తు కూడా ఒకటి ఇవ్వండి: ‘పెనమలూరు వచ్చిందంటే పోరంకి దాటేశారు, వెనక్కి రండి.’ రోడ్డు మధ్య డివైడరు ఉంటే ఎక్కడ యూటర్న్ తీసుకోవాలో, కార్లు ఎక్కడ నిలపాలో కూడా పటంలోనే చూపండి.

పటం పక్కన క్యూఆర్ కోడ్ పెట్టేటట్టయితే కనీసం రెండు సెంటీమీటర్ల చదరం, చుట్టూ తెల్లటి ఖాళీ ఉండాలి. తెలుపు మీద నలుపే నమ్మదగినది. ఎరుపు మీద బంగారు రంగులో వేసిన కోడ్‌ను చాలా ఫోన్లు చదవలేవు. మూలలో అసలు పెట్టవద్దు. పంచేముందు నాలుగు మూలలా పసుపు రాస్తాం, కోడ్ దాని కింద పడిపోతుంది. కోడ్ ఏ లింకుకు వెళుతుందో ఆ పిన్నును ఇంటి గేటు ముందు నిలబడి పెట్టండి. తర్వాత ఆ కాలనీ ఎరగని ఒకరికి లింకు పంపి, మెయిన్ రోడ్డు నుంచి బండి మీద రమ్మనండి. వాళ్లు గేటు దాకా వస్తేనే పిన్ను సరైనట్టు.

జవాబు అడగడంలో మర్యాద

‘వస్తున్నారా, ఎంతమంది?’ అని పత్రికలో అడగడం మనకు అలవాటు లేదు. కానీ వంటవాళ్లకు కొన్ని రోజుల ముందే లెక్క చెప్పాలి, చాలకపోతే నామోషీ, మిగిలితే నష్టం. అందుకే అడగండి, అయితే పిలుపు చల్లారకుండా అడగండి. ‘కుటుంబసమేతంగా రావాలని మా కోరిక. మీ రాకకు తగిన ఏర్పాట్లు చేసుకునేందుకు, భోజనానికి ఎందరు వస్తారో 14వ తేదీలోగా తెలియజేయగలరు’ అంటే లెక్క అతిథి సౌకర్యం కోసమే అడుగుతున్నట్టు తెలుస్తుంది. ముహూర్తానికి ఎవరు వస్తారన్న లెక్క అక్కర్లేదు. గడువు చెప్పకపోతే జవాబులు చివరిరోజు దాకా వస్తూనే ఉంటాయి.

నంబర్లు రెండు ఇవ్వండి, ఏది దేనికో రాయండి: ‘రాక తెలియజేయడానికి’, ‘ఆ రోజు దారి అడగడానికి’. రెండో నంబరు ఇంటి యజమానిది కాకూడదు. ముహూర్తం వేళ దంపతులు పీటల మీద ఉంటారు, వాళ్ల ఫోను ఎవరూ ఎత్తరు. కాలనీ తెలిసిన తమ్ముడిదో బావమరిదిదో ఇచ్చి, ఆ వ్యక్తికి ముందే చెప్పి ఉంచండి.

అదే పత్రికను వాట్సాప్‌లో పంపేటప్పుడు మరో మాట గుర్తుంచుకోవాలి. బొమ్మలోని లింకు నొక్కితే తెరుచుకోదు, తన ఫోనులోనే ఉన్న క్యూఆర్ కోడ్‌ను అదే ఫోనుతో స్కాన్ చేయడం చాలామందికి తెలియదు. కాబట్టి పటం లింకునూ జవాబు లింకునూ బొమ్మ కింద సందేశంగా విడిగా పంపండి. జవాబు లింకు ఇలా ఉంటుంది:

```
https://wa.me/91XXXXXXXXXX
```

91 తర్వాత పది అంకెల నంబరు వస్తుంది. ముందు ప్లస్ గుర్తు, సున్నా, మధ్యలో గీతలు ఉండకూడదు. రెండువైపుల పత్రికను ఒకే బొమ్మగా కుదించకుండా, ఆహ్వానం ఒకటి, పటం ఒకటి పంపితే చిన్న తెర మీద కూడా అక్షరాలు చదవగలుగుతారు.

అచ్చుకు ఇచ్చేముందు

ప్రూఫును మీ ఇంట్లోవాళ్లకు చూపితే తప్పులు దొరకవు, వాళ్లకు అన్నీ ముందే తెలుసు. ఇల్లు ఎక్కడో తెలియని వ్యక్తికి, వీలైతే అరవై దాటినవారికి, నలుపుతెలుపు జిరాక్స్ ఇవ్వండి. ఏ తేదీ, ఏ వారం తెల్లవారుజామున, పోరంకిలో ఎటు తిరగాలి, భోజనం ఎన్నింటికి, ఎవరికి ఫోను చేయాలి అని అడగండి. ఏ జవాబుకైనా వాళ్లు తడుముకుంటే, తప్పు వాళ్ల కళ్లది కాదు, పత్రికది. ఆ వరుస పెద్దది చేయండి లేదా దాని పక్కనున్నది తగ్గించండి. పత్రికలో ఉన్న రెండు నంబర్లకూ ప్రూఫులోంచే చూసి డయల్ చేయండి. ఆ తర్వాతే అచ్చుకు సరేననండి.