మాట తీసేస్తే తోట కూడా పోయింది

వియత్నాం దక్షిణ తీరంలోని బిన్ తువాన్ ప్రాంతం డ్రాగన్ ఫ్రూట్ తోటలకు పేరు పడింది. రాత్రిళ్లు అక్కడి తోటల్లో వరుసలు వరుసలుగా బల్బులు వెలుగుతుంటాయి. పగటి పొద్దు తక్కువగా ఉండే నెలల్లో కూడా పూత రావాలని రైతులు చేసుకున్న ఏర్పాటది. అలాంటి తోటలో తీసిన 9 నిమిషాల వీడియో ఒకటి రెండేళ్ల కిందట నా చేతికొచ్చింది. ఒక మహిళా రైతు రాత్రిపూట విచ్చుకున్న పూలకు బ్రష్షుతో పుప్పొడి అద్దుతూ, అలా ఎందుకు చేయాలో చెబుతుంది. మధ్య మధ్య తెర వెనక నుంచి ఒక మగ గొంతు వ్యాఖ్యానం. సంగారెడ్డి దగ్గర డ్రాగన్ ఫ్రూట్ వేసిన కొందరు రైతులు దాన్ని తెలుగులో చూడాలనుకున్నారు. తీసినవాళ్లకు మెయిల్ రాసి అనుమతి తెచ్చుకున్నాం. ఎవరు తీసిన వీడియోకైనా మాట మార్చి పదిమందికి చూపించే ముందు ఆ అనుమతి ఉండాలి.

అనుమతితో పాటు మరొకటి కూడా అడిగాను. సినిమావాళ్లు దాన్ని ఎం అండ్ ఈ ట్రాక్ అంటారు. అంటే మ్యూజిక్ అండ్ ఎఫెక్ట్స్. మాటలు తప్ప మిగిలిన శబ్దమంతా, అంటే సంగీతం, అడుగుల చప్పుడు, గాలి, వాన, అన్నీ ఉన్న ట్రాక్ అది. పెద్ద సినిమాలు డబ్బింగ్‌కు వచ్చేటప్పుడు ఈ ట్రాక్ విడిగా వస్తుంది, దాని మీద తెలుగు గొంతు పెడితే సరిపోతుంది. చిన్న వీడియోల దగ్గర అది దొరకడం అదృష్టమే. నాకు దొరకలేదు. పాత ఫైళ్లు పోయాయని జవాబొచ్చింది. నా దగ్గరున్నదల్లా మాట, కీచురాళ్లు, సంగీతం అన్నీ కలిసిపోయిన ఒకే ఒక్క స్టీరియో ట్రాక్.

మొదట అందరూ చేసేదే నేనూ చేశాను. అసలు ధ్వనిని మొదటి నుంచి చివరిదాకా బాగా తగ్గించి, పైన తెలుగు చదివించి పెట్టాను. చూసిన రైతుల్లో ఒకాయన చివరిదాకా ఆగలేదు. "అన్నా, ఎన్క ఎవరో గొణిగినట్టు ఇనొస్తున్నది. చెవంతా అటే పోతున్నది" అన్నాడు. ఆయన మాట నిజం. అర్థం కాకపోయినా సరే, మనిషి గొంతు వినబడితే చెవి దాని వెంట పోతుంది. తగ్గించినంత మాత్రాన ఆ గుణం పోదు.

అయితే పూర్తిగా తీసేద్దామని రెండోసారి మాట ఉన్న చోటల్లా అసలు ధ్వనిని కోసేశాను. తెలుగు స్పష్టంగా వినిపించింది, కానీ తోట చచ్చిపోయింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, వెనక ఆకులు ఊగుతున్నాయి, చప్పుడు మాత్రం లేదు. ఆమె మాట ఆపగానే కీచురాళ్లు ఒక్కసారి మొదలవుతాయి. మళ్లీ మాట్లాడగానే టక్కున ఆగిపోతాయి. మాటను తీస్తే మాట ఒక్కటే పోదు, అది పలికిన చోటు కూడా పోతుంది. ఈ పనిలో కష్టమంతా ఆ చోటును తిరిగి నిలబెట్టడంలోనే ఉంది.

దానికి కావలసిన సరుకు చాలాసార్లు అదే వీడియోలో దొరుకుతుంది. మాటకూ మాటకూ మధ్య, ఒక షాట్ మారి ఇంకో షాట్ వచ్చే చోట, ఎవరూ మాట్లాడని రెండు మూడు సెకన్లు ఉంటాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఆ ముక్కలను వెతికి, ఒకదాని చివర ఇంకొకదాని మొదలు కలిసేలా క్రాస్‌ఫేడ్ చేస్తూ పరుచుకుంటూ పోవాలి. నాకు ఒకచోట నాలుగు సెకన్ల శుభ్రమైన రాత్రి దొరికింది. దాన్నే పదిహేను సార్లు వరసగా అతికించి నిమిషం చేశాను. తర్వాత విని చూసుకుంటే దూరంగా ఒక కుక్క నాలుగు సెకన్లకోసారి ఒకే తీరుగా మొరుగుతోంది. ముక్కలో గుర్తుపట్టగలిగే చప్పుడు ఒక్కటి ఉన్నా చెవి లెక్క కట్టేస్తుంది. కుక్కను కోసేసి, మరో రెండు చోట్ల నుంచి తెచ్చిన వేర్వేరు పొడవుల ముక్కలను దానికి కలిపాక అది మళ్లీ రాత్రి అయింది.

వ్యాఖ్యానం ఉన్న చోట చిక్కు వేరు, అక్కడ గొంతు కింద సంగీతం ఉంది. స్టీరియోలో గొంతు సాధారణంగా మధ్యలో ఉంటుంది, అంటే ఎడమ కుడి చానళ్లలో సమానంగా. ఒక చానల్ తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపితే, సమానంగా ఉన్నదంతా ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఆ ఉపాయం ప్రయత్నించాను. గొంతు తగ్గింది, కానీ దాని ప్రతిధ్వని దయ్యంలా మిగిలింది. మధ్యలోనే ఉండే డోలు, బాస్ కూడా గొంతుతో పాటే పోయాయి. ఒకే మైకుతో మోనోలో రికార్డు చేసిన వీడియో మీద ఇదే చేస్తే ఏమీ మిగలదు, నిశ్శబ్దమే. చివరికి దారి చూపించింది ఆ వీడియో ముగింపే. పేర్లు పడే చోట అదే సంగీతం 50 సెకన్ల పాటు ఎవరి మాటా లేకుండా మోగుతోంది. దాన్ని కోసి తెచ్చి మొదట్లో వ్యాఖ్యానం కింద పరిచాను.

ఆ మహిళా రైతు గొంతును మాత్రం పూర్తిగా తీసేయాలనిపించలేదు. ఆమె ఎదురుగా నిలబడి చెబుతోంది, ఆమె గొంతు వినడం చూసేవాళ్లకు కావాలి. వార్తల్లో, డాక్యుమెంటరీల్లో ఇలాంటి చోట పాటించే పద్ధతి ఒకటుంది. అసలు గొంతును ఒకటి రెండు సెకన్లు మామూలు స్థాయిలో వినిపించి, దాన్ని దించుతూ అనువాదం మొదలుపెడతారు. అనువాదం కాస్త ముందే ముగించి, చివరి మాట మళ్లీ ఆమె గొంతులో వినబడనిస్తారు. మధ్యలో ఆమె గొంతు ఎంత లోతుకు పోవాలన్నదే ప్రశ్న. మా రైతు ఫిర్యాదు తర్వాత నేను ఆమె ప్రతి సంభాషణలో మొదలూ చివరా మాత్రమే ఉంచి, మధ్య భాగాన్ని తోట చప్పుడుతో నింపాను.

ఈలోగా తెలుగు వాక్యాలతో తంటా. వియత్నామీ మాటల్లో చాలావాటికి ఒకటే అక్షరం. మనకు ప్రత్యయాలు చేరి పదం సాగుతుంది. ఆమె నాలుగు సెకన్లలో చెప్పినదానికి మొదటి అనువాదం ఇలా వచ్చింది: "ఈ మొగ్గ పూర్తిగా విచ్చుకున్న రాత్రి సమయంలోనే పుప్పొడిని బ్రష్షు సహాయంతో కీలాగ్రం మీద జాగ్రత్తగా అద్దవలసి ఉంటుంది." లెక్కపెడితే 44 అక్షరాలు. వినేవాడు అర్థం చేసుకోగలిగే తీరులో చదివితే సెకనుకు ఆరు అక్షరాలు నడుస్తాయి. అంటే ఇది ఏడు సెకన్ల పైమాటే. తొందరగా చదివించి ఇరికిస్తే వేలంపాట అవుతుంది. "మొగ్గ విచ్చుకున్న రాత్రే పుప్పొడిని బ్రష్షుతో కీలాగ్రానికి అద్దాలి" అని మార్చాం. 23 అక్షరాలు, నాలుగు సెకన్ల లోపు. జాగ్రత్తగా అన్న మాట పోయింది, కానీ ఆమె వేళ్లు ఎంత నెమ్మదిగా కదులుతున్నాయో బొమ్మలోనే కనబడుతోంది.

ఇక మిక్సింగ్. ముందు తెలుగు గొంతు ఒక్కటే పెట్టి దాని స్థాయి నిలబెట్టుకోవాలి. ఆ తర్వాత తోటను సున్నా నుంచి పైకి తెస్తూ, ఉందని తెలిసి, మాటకు అడ్డం రాని చోట ఆపాలి. నాకది గొంతుకంటే 18 డెసిబెల్స్ కింద కుదిరింది. 20 డెసిబెల్స్ తగ్గిస్తే తరంగం ఎత్తు పదో వంతు అవుతుందని గుర్తుంచుకుంటే ఆ తేడా ఎంతో ఊహకందుతుంది. తోట చప్పుడు ఒకే తీరుగా సాగుతుంది కాబట్టి దాన్ని అక్కడే వదిలేయవచ్చు.

సంగీతం అలా కాదు. మాట లేనప్పుడు లేవాలి, మాట రాగానే తగ్గాలి. ఈ పనిని డకింగ్ అంటారు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో `Auto Duck` అనే ఎఫెక్ట్ దీనికోసమే ఉంది. సంగీతం ట్రాక్‌ను పైన, తెలుగు గొంతు ట్రాక్‌ను సరిగ్గా దాని కింద పెట్టి, సంగీతాన్ని ఎంచుకుని ఆ ఎఫెక్ట్ నడపాలి. `Duck amount` అంటే ఎంత తగ్గాలన్నది. అందులో ముందుగా ఉండే అంకె మైనస్ 12. నేను 15 పెట్టాను. అంతకంటే ముఖ్యమైనది `Maximum pause`. గొంతు ఎన్ని సెకన్లు ఆగితే సంగీతం తిరిగి లేవాలో అది చెబుతుంది. ముందుగా ఉన్న ఒక సెకనునే వదిలేస్తే, చదివేవాళ్లు వాక్యం చివర ఊపిరి తీసుకునే ప్రతిసారీ సంగీతం ఉబికి వచ్చి మళ్లీ మునిగిపోయింది. రొప్పుతున్నట్టు వినిపించే ఈ దోషాన్ని పంపింగ్ అంటారు. రెండు సెకన్లకు పెంచాక పోయింది.

మొత్తం ఎంత గట్టిగా ఉండాలన్నదానికి ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలత ఉంది. అది మీటరు ముల్లు పైకి ఎగిరిన చోటును కాక, మొత్తం మీద చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో లెక్కిస్తుంది. యూరప్ టీవీలు మైనస్ 23కు సరిచేస్తాయి. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 దాటిన వీడియోను తనే తగ్గిస్తుంది, తక్కువ ఉన్నదాన్ని మాత్రం పెంచదు. నేను మైనస్ 16 దగ్గర ఆపాను.

సిద్ధమైన ధ్వనిని బొమ్మతో కలపడానికి ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ఒక్క వరస చాలు:

```
ffmpeg -i video.mp4 -i telugu_mix.wav -map 0:v -map 1:a -c:v copy -c:a aac -b:a 192k out.mp4
```

`-c:v copy` వల్ల బొమ్మ నాణ్యత చెడదు. `-map` మాటలు రెండూ మరిచిపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ తనకు తోచిన ధ్వనిని ఎంచుకుంటుంది, రెండు ట్రాకులూ స్టీరియో అయితే మొదటి ఫైలుదే. అప్పుడు ఇంత పనీ చేశాక వీడియో మళ్లీ వియత్నామీలోనే మాట్లాడుతుంది.

హెడ్‌ఫోన్‌లో బాగున్న మిక్స్‌ను ఫోన్ స్పీకర్లో విన్నప్పుడు సంగీతం మాట మీదికి ఎక్కింది. చిన్న స్పీకరు కింది స్వరాలను పలకదు. అక్కడ మాటా సంగీతమూ ఒకే ఇరుకు దారిలో నడవాలి. సంగీతంలో మాత్రం 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య 4 డెసిబెల్స్ తగ్గిస్తే హల్లులకు చోటు దొరికింది. రైతులు చివరికి చూసింది ఒక పెద్ద హాల్లో, రెండు సౌండు బాక్సుల మీద. గోడల ప్రతిధ్వనికి మాట మసకబారుతుందని, ఆ ప్రదర్శనకు తోటనూ సంగీతాన్నీ ఇంకో 6 డెసిబెల్స్ దించి వేరే కాపీ తీశాను. ఫోన్‌లో ఆ కాపీ వింటే పేలవంగా ఉంటుంది. అన్ని చోట్లకూ సరిపోయే ఒక్క మిక్స్ లేదు.

మీలో పొలాల్లో, మగ్గాల దగ్గర, వంటిళ్లలో వీడియోలు తీసేవాళ్లు చాలామందే ఉంటారు. రేపు మీ వీడియోను ఎవరైనా కన్నడంలోకో ఒడియాలోకో మార్చుకోవాలనుకోవచ్చు. షూటింగ్ అయ్యాక సామాను సర్దే ముందు అందరినీ మాట్లాడకుండా నిలబెట్టి, మైకు అక్కడే ఉంచి, ఆ చోటు చప్పుడును ఒక్క నిమిషం రికార్డు చేసి దాచండి.