పుస్తకం మూసినప్పుడే చదువు

2006లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చారు. ఒక జట్టు నాలుగు విడతలూ దాన్నే చదివింది. ఇంకో జట్టు ఒక విడత చదివి, మిగతా మూడు విడతల్లో పాఠం చూడకుండా, గుర్తున్నదంతా కాగితం మీద రాసింది.

అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి: వాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతమే మిగిలింది, రాసినవాళ్లకు 61. విచిత్రమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే.

ఆ ధీమా ఎక్కడిది? రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు కళ్ల ముందు సాఫీగా సాగిపోతాయి. ఆ పరిచయాన్నే మనం జ్ఞాపకం అనుకుంటాం. పసుపు రంగు హైలైటర్ గీత కూడా అంతే, ఏది ముఖ్యమో చెబుతుంది గానీ దాన్ని బుర్రలోంచి బయటికి తీయించదు. పరీక్ష హాల్లో కావలసింది ఆ తీయడమే. వెతికి తీసిన ప్రతిసారీ ఆ దారి బలపడుతుంది.

కిరణజన్య సంయోగక్రియ చదివారనుకోండి. పుస్తకం మూసి, ఏవి లోపలికి వెళ్తాయి, ఏవి బయటికొస్తాయి, ఎక్కడ జరుగుతుందో రాయండి. ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుందని రాసేస్తే, పుస్తకం తెరిచి నీటి నుంచి అని దిద్దుకోండి. దిద్దుకోకపోతే తప్పే స్థిరపడే ప్రమాదం ఉంది. అసలు అర్థం కాని పాఠానికి మాత్రం ముందు చదవడమే మార్గం.