ఒక్క ‘ఏ’కి ఎన్ని ఇంగ్లిషులో

లండన్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్లు కలిసి ఒక ఫ్లాట్ అద్దెకు తీసుకున్నారనుకుందాం. డిపాజిట్ ఎవరు కట్టారో తెలియక ఇంటి ఓనరు మెసేజ్ పెట్టాడు. నలుగురిలో ఒకడు ‘ఐ ఓన్లీ పెయిడ్ ద డిపాజిట్’ అని జవాబిచ్చాడు. వాడి మనసులో ఉన్నది ‘డిపాజిట్ నేనే కట్టాను’. ఓనరుకు అర్థమైంది ‘నేను డిపాజిట్ ఒక్కటే కట్టాను’ అని. అంటే అద్దె ఇంకా బాకీ ఉందన్నమాట. అద్దె ఎప్పుడు కడతారంటూ వెంటనే ఇంకో మెసేజ్ వస్తుంది. చిక్కేమిటంటే ఆ ఇంగ్లిష్ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. తప్పు కనబడితే అవతలివాడు ఆగి, ఏమంటున్నావని అడిగేవాడు. ఇక్కడ అడగాల్సిన అవసరమే అతనికి తోచదు.

‘యెస్టర్‌డే ఇట్‌సెల్ఫ్’, ‘హియర్ ఓన్లీ’, ‘హీ ఓన్లీ టోల్డ్ మీ’ లాంటివన్నీ ఒక్క చోట పుట్టినవే. తెలుగులో మాట చివర చేరే ‘ఏ’ వాటికి తల్లి. నేను నేనే అవుతుంది, ఇక్కడ ఇక్కడే అవుతుంది, నిన్న నిన్ననే అవుతుంది. మన వ్యాకరణాలు దీన్ని అవధారణ అంటాయి. తమిళ, కన్నడాల్లోనూ ఇదే ‘ఏ’ ఉంది. హిందీలో ఈ పని ‘హీ’ చేస్తుంది. తమిళంలో నొక్కి చెప్పడానికి వాడే ‘తాన్’ అన్న మాటకు ‘తాను’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి, అక్కడివాళ్ల నోట ‘ఇట్‌సెల్ఫ్’ రావడంలో వింతేమీ లేదు. దేశంలో సగం మందికి ఒకే అలవాటు కనుక మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది రాదు. భారతీయ ఇంగ్లిష్‌ను పరిశోధించే భాషావేత్తలు దీన్ని తప్పు కింద కాకుండా ఆ ఇంగ్లిష్‌కున్న లక్షణంగానే లెక్కిస్తారు. క్లాడియా లాంగే అనే భాషావేత్త 2007లో దీని మీద ప్రత్యేకంగా ఒక వ్యాసమే రాశారు. హైదరాబాద్ ఆఫీసులో ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అన్నవాణ్ణి ఆపి సరిదిద్దడం నా దృష్టిలో అనవసరపు పెద్దరికం. మాట మన ఊరు దాటినప్పుడే తంటా.

మన ‘ఏ’ ఒక్కటే అయినా అది చేసే పనులు చాలా. ‘ఇప్పుడే’ అన్న మాటనే చూడండి. ‘ఇప్పుడే తిన్నాను’ అంటే తిని ఎంతోసేపు కాలేదని. ‘ఇప్పుడే రా’ అంటే క్షణం ఆలస్యం చేయొద్దని. ‘అప్పుడే కాదు, ఇప్పుడే ఎందుకు పెళ్లి?’ అంటే ఇంత తొందరేమిటని. మనకు మూడు చోట్లా ఒకే మాట, అయినా ఎవరూ తికమక పడరు. పక్కనున్న క్రియ, అనే తీరు కలిసి అర్థం తేల్చేస్తాయి. ఇంగ్లిష్‌వాడు ఈ మూడింటికీ మూడు దారులు పట్టాడు. మొదటిదానికి ‘ఐ హావ్ జస్ట్ ఈటెన్’, రెండోదానికి ‘కమ్ రైట్ నౌ’, మూడోదానికి ‘వై సో సూన్?’. మనం మూడింటికీ ‘నౌ ఓన్లీ’, ‘నౌ ఇట్‌సెల్ఫ్’ అని ఒకే తాళం చెవి పెడతాం. అది ఒక్క గదికీ సరిగ్గా పట్టదు.

‘నిన్ననే’ ఇంకా తమాషా అయినది. ‘ఫైలు నిన్ననే పంపాను సార్’ అనే ఉద్యోగి, నువ్వు అనుకుంటున్న దానికన్నా ముందే పని అయిపోయిందని చెబుతున్నాడు. ‘ఊరి నుంచి నిన్ననే వచ్చాం’ అనే చుట్టం, వచ్చి ఎంతో కాలం కాలేదని చెబుతోంది. ఒకరిది ‘అంత ముందే’, ఇంకొకరిది ‘ఇంత ఈ మధ్యే’. అర్థాలు దాదాపు ఎదురెదురు దిక్కులు. చుట్టం మాటకు ఇంగ్లిష్‌లో ‘ఓన్లీ’ చక్కగా పనికొస్తుంది, కాకపోతే ముందు రావాలి: ‘వుయ్ కేమ్ ఓన్లీ యెస్టర్‌డే’. ‘జస్ట్ యెస్టర్‌డే’ అన్నా సరే. ఉద్యోగి మాటకు మాత్రం ‘ఓన్లీ యెస్టర్‌డే’ అంటే కొంప మునుగుతుంది. ముందే పంపానని చెప్పబోయి, నిన్నటిదాకా పంపలేదని ఒప్పుకున్నట్టవుతుంది. అతను చెప్పాల్సింది ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’. అంతే, ఇంకో మాట అక్కర్లేదు.

అంతేనా, నొక్కేదీ అని మనకు వెలితిగా ఉంటుంది. ఆ నొక్కు ఇంగ్లిష్‌లో గొంతులో ఉంటుంది. వాక్యంలో ఏ మాట ముఖ్యమో దాన్ని కొంచెం గట్టిగా, కొంచెం సాగదీసి, స్వరం మార్చి పలుకుతారు. ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’లో ‘యెస్టర్‌డే’ మీద బరువు వేస్తే నిన్ననే అని, ‘ఐ’ మీద వేస్తే నేనే అని, ‘సెంట్’ మీద వేస్తే పంపలేదంటావేంటి, పంపాను అని. మాటలు మారవు, వరస మారదు. మనం గొంతుతో పాటు మాట చివర ఒక అక్షరం కూడా చేరుస్తాం కనుక, అక్షరం లేకపోతే చెప్పినట్టే అనిపించదు. ఆ లోటు పూడ్చడానికే ‘ఇట్‌సెల్ఫ్’ తెచ్చి తగిలిస్తాం. పైగా మనం ఇంగ్లిష్ వాక్యాన్ని అన్ని మాటల మీదా ఇంచుమించు సమానమైన బరువుతో పలుకుతాం కాబట్టి, అవతలివాడు వెతికే చోట ఆ నొక్కు దొరకదు కూడా.

కాగితం మీద గొంతు వినబడదు. అప్పుడు ఇంగ్లిష్ వాక్యం నిర్మాణాన్నే మారుస్తుంది. దీనికి సరిజోడు నిర్మాణం తెలుగులోనే ఉందని చాలామంది గమనించరు. ‘డిపాజిట్ నేనే కట్టాను’ అనే మాటను ‘డిపాజిట్ కట్టింది నేను’ అని కూడా మనం రోజూ అంటాం. ఈ రెండో రూపం నుంచి ఇంగ్లిష్‌లోకి వెళ్లడం సులువు: ‘ఐ యామ్ ద వన్ హూ పెయిడ్ ద డిపాజిట్’. మన కుర్రాడు ఇలా రాసి ఉంటే అద్దె గొడవ వచ్చేది కాదు. ‘నువ్వే కదా రమ్మన్నావు’ అన్నదాన్ని ‘రమ్మన్నది నువ్వు’ అని తిప్పితే ‘యూ ఆర్ ద వన్ హూ ఆస్క్‌డ్ మీ టు కమ్’ దానంతటదే వస్తుంది. ‘యూ ఓన్లీ ఆస్క్‌డ్ మీ’ అంటే, నువ్వు పిలవడం మాత్రమే చేశావు, ఇంకేమీ చేయలేదనో, నన్నొక్కణ్ణే పిలిచావనో అర్థం చేసుకుంటారు.

మిగతా చోట్లా ఇదే పద్ధతి నడుస్తుంది. ముందు తెలుగు వాక్యంలోంచి ‘ఏ’ తీసేసి, దాని బదులు ఏం చెప్పాలనుకున్నామో ఇంకో తెలుగు మాటతో చెప్పుకోవాలి. ‘ఆ రోజే చేరాడు’లో ‘ఏ’ తీస్తే ‘అదే రోజు’ వస్తుంది, అది ‘ద సేమ్ డే’. ‘పొద్దున్నే చేస్తాను’ను విప్పితే ‘పొద్దున లేచిన వెంటనే, అన్నిటికంటే ముందు’, అది ‘ఫస్ట్ థింగ్ ఇన్ ద మార్నింగ్’. మన ‘మార్నింగ్ ఇట్‌సెల్ఫ్’ దాదాపు ఎప్పుడూ ఇదే. ‘మొదట్లోనే చెప్పాను’ అంటే మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానని, అది ‘ఫ్రమ్ ద స్టార్ట్’. ‘ఫస్ట్ ఇట్‌సెల్ఫ్ ఐ టోల్డ్’ అంటే బయటివాడికి ఏదో లెక్క చెబుతున్నట్టుంటుంది. ‘ఈ రోజే కావాలి’ అంటే సాయంత్రం దాటకూడదని, అది ‘బై ద ఎండ్ ఆఫ్ ద డే’. ‘వాడంతే’ అన్నదానికి విప్పడానికేమీ లేదు, ‘దట్స్ జస్ట్ హౌ హీ ఈజ్’ అంటారు. ‘హీ ఈజ్ లైక్ దట్ ఓన్లీ’లో మాత్రం ఒక రుచి ఉంది, ఒప్పుకోవాలి. భారతీయ వినియోగదారుల గురించి రమా బిజాపుర్కర్ రాసిన ఇంగ్లిష్ పుస్తకానికి ‘వుయ్ ఆర్ లైక్ దట్ ఓన్లీ’ అనే పేరు పెట్టుకున్నారంటే కావాలనే.

‘ఇక్కడే’ విషయంలోనూ అంతే. ‘ఇక్కడే ఉన్నాను, ఎక్కడికీ పోలేదు’ అన్నది ‘ఐ యామ్ రైట్ హియర్’. ‘హియర్ ఓన్లీ’ అంటే ఇక్కడ తప్ప ఇంకెక్కడా లేదనే కచ్చితమైన షరతు. బోర్డు మీద ‘పే హియర్ ఓన్లీ’ అని రాస్తే అది మంచి ఇంగ్లిషే, ఇంకో కౌంటర్‌లో కట్టొద్దని. అలాగే ‘ఐ విల్ కమ్ ఆన్ మండే ఓన్లీ’ అంటే మన లెక్కలో సోమవారం దాకా రాలేనని. వినేవాడి లెక్కలో సోమవారం ఒక్కరోజే వస్తాడు, మంగళవారం రాడు. ఇక్కడ అక్కరకొచ్చే మాట ‘నాట్ అంటిల్’: ‘ఐ కాంట్ కమ్ అంటిల్ మండే’. తెలుగులో ‘సోమవారం దాకా కుదరదు’ అన్న వాక్యం ఇదే కదా.

‘ఇట్‌సెల్ఫ్’ను పూర్తిగా బహిష్కరించిన వాళ్లనూ చూశాను, అదీ అతే. నామవాచకం పక్కన అది నిఖార్సైన ఇంగ్లిష్. ‘ద హౌస్ ఇట్‌సెల్ఫ్ ఈజ్ ఫైన్’ అంటే ఇల్లు బాగానే ఉంది, గొడవ ప్రహరీతోనో బోరుతోనో అని. ‘ఐ లివ్ ఇన్ గుంటూరు ఇట్‌సెల్ఫ్’ అంటే చుట్టుపక్కల పల్లెల్లో కాదు, టౌన్ లోపలే అని. పోలికకు రెండో వస్తువో రెండో చోటో ఉన్నప్పుడు అది నిలుస్తుంది. యెస్టర్‌డే, నౌ, హియర్ లాంటి కాలం, చోటు చెప్పే మాటల పక్కన నిలవదు. దాన్ని మానేసిన కొందరు ‘ఆల్రెడీ’ పట్టుకుంటారు. ‘ఐ ఆల్రెడీ సెంట్ ఇట్’ తప్పు కాదు గానీ మెయిల్‌లో అది విసుక్కున్నట్టు వినబడొచ్చు. నిన్ననే పంపానని మర్యాదగా చెప్పడానికి అక్కడివాళ్లు ‘ఐ సెంట్ ఇట్ యెస్టర్‌డే’ అని, ‘మీకు చేరలేదేమోనని మళ్లీ పంపుతున్నాను’ అనే అర్థంలో ఇంకో వాక్యం కలుపుతారు. మన ‘సార్’ చేసే పని ఆ రెండో వాక్యం చేస్తుంది.

ఇక ‘ఓన్లీ’ ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంగ్లిష్‌వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఏ మాటను పరిమితం చేస్తుందో సరిగ్గా దాని ముందే ఉండాలని ఛాందసులు. క్రియ ముందు పెట్టడమే సహజమని 1926లో వాడుక నిఘంటువు వేసిన ఫౌలర్ వాదించాడు. మాటల్లో జనం ఫౌలర్ పక్షమే: ‘ఐ ఓన్లీ కేమ్ యెస్టర్‌డే’ అని, ‘యెస్టర్‌డే’ మీద బరువు వేస్తారు. ‘నిన్ననే వచ్చాను’ అని వినేవాడికి తెలిసిపోతుంది. బరువు వినబడని చోట, అంటే అద్దె ఒప్పందంలోనో బ్యాంకు ఉత్తరంలోనో, ఛాందసుల మాట వినడమే క్షేమం. ‘ఐ ఓన్లీ పెయిడ్ ద డిపాజిట్’ అని ఇంగ్లిష్‌వాడే రాసినా, దాన్ని ‘నేనే కట్టాను’ అని చదివే ఓనరు లండన్‌లో దొరకడు.