ఆఫీసు గేట్‌వేకి కనిపించేదెంత?

మధ్యాహ్నం భోజనాల వేళ హైటెక్ సిటీలో ఒక ఉద్యోగి కంపెనీ లాప్‌టాప్‌లోనే ఉద్యోగాల సైటు తెరిచి, కొత్త రెజ్యూమే ఎక్కించాడనుకుందాం. ఇన్‌కాగ్నిటోలో తెరిచాడు కాబట్టి ధీమాగా ఉన్నాడు. కానీ ఇన్‌కాగ్నిటో చెరిపేది లాప్‌టాప్‌లో మిగిలే హిస్టరీని మాత్రమే. ఆఫీసు నుంచి బయటికెళ్ళే ప్రతి కనెక్షనూ గేట్‌వే దాటాల్సిందే. అక్కడ కూర్చున్న ఫైర్‌వాల్ లాగ్‌లో ఇంచుమించు ఇలాంటి వరుస ఒకటి పడుతుంది:

```
13:12:41 user=emp2417 host=www.naukri.com
category="Job Search" sent=412880 rcvd=96210
```

చివరి రెండు అంకెలు చూడండి. అవి బైట్ల లెక్క. మామూలుగా ఏదైనా పేజీ చదివితే మనకు వచ్చేది ఎక్కువ, మనం పంపేది తక్కువ. ఇక్కడ తలకిందులైంది: దాదాపు 400 కేబీ బయటికి వెళ్ళింది. ఏ ఫైలో, అందులో ఏముందో గేట్‌వేకి తెలియదు. అయినా ఉద్యోగాల సైటుకు ఓ మోస్తరు ఫైలు వెళ్ళిందంటే అదేమై ఉంటుందో ఊహించడానికి ఐటీ విభాగానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

అంతా ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తుంటే సైటు పేరు ఎలా బయటపడింది? రెండు చోట్ల. మొదట బ్రౌజర్ ఆ పేరుకు ఐపీ అడ్రస్ ఏమిటని డీఎన్ఎస్ సర్వర్‌ని అడుగుతుంది. ఆఫీసులో ఆ సర్వర్ సాధారణంగా కంపెనీదే. తర్వాత సైటుతో మాట కలిపేటప్పుడు పంపే మొట్టమొదటి సందేశంలోనూ ఆ పేరు తెరిచే ఉంటుంది. ఒకే అడ్రస్ మీద ఎన్నో సైట్లు నడుస్తుంటాయి కనుక, ఎవరి సర్టిఫికెట్ చూపించాలో సర్వర్‌కి ముందే తెలియాలి మరి. ఆ పలకరింపు అయ్యాక మిగతాదంతా ఎన్‌క్రిప్షన్ లోపలికి పోతుంది: పేజీ చిరునామాలో పేరు తర్వాతి భాగం, వెతికిన మాటలు, పాస్‌వర్డు, పంపిన ఫైలు. te.wikipedia.org తెరిస్తే తెలుగు వికీపీడియా చదువుతున్నారని గేట్‌వేకి తెలుస్తుంది. ఏ వ్యాసమో తెలియదు.

కంపెనీ ఇంతటితో ఆగితేనే ఈ మాట. చాలా పెద్ద కంపెనీలు ఆగవు. లాప్‌టాప్ చేతికిచ్చే ముందే అందులో తమ సొంత రూట్ సర్టిఫికెట్ వేసి ఉంచుతాయి. ఇక మీరు ఏ సైటు తెరిచినా గేట్‌వే మధ్యలో నిలబడి, ఆ సైటు పేరుతో అప్పటికప్పుడు ఓ సర్టిఫికెట్ తయారుచేసి బ్రౌజర్‌కి చూపిస్తుంది. దాని మీద సంతకం కంపెనీ రూట్‌ది కాబట్టి బ్రౌజర్ నమ్మేస్తుంది, హెచ్చరిక ఏదీ రాదు. గేట్‌వే మీ దగ్గర నుంచి వచ్చినదాన్ని విప్పి, చూసి, మళ్ళీ ఎన్‌క్రిప్ట్ చేసి అసలు సైటుకు పంపుతుంది. అప్పుడు పూర్తి చిరునామా, వెతికిన మాటలు, రెజ్యూమే అన్నీ దానికి కనిపిస్తాయి.

ఇది జరుగుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. క్రోమ్‌లో అడ్రస్‌కి ఎడమవైపు గుర్తు నొక్కి, "Connection is secure" మీదుగా సర్టిఫికెట్ దాకా వెళ్ళి, Issued By దగ్గర ఎవరి పేరుందో చదవండి. అందరికీ తెలిసిన సర్టిఫికెట్ సంస్థ కాకుండా మీ కంపెనీ పేరో, ఫైర్‌వాల్ తయారీదారు పేరో ఉంటే మధ్యలో విప్పుతున్నట్టే. ఒక్క సైటు చూసి తేల్చేయకండి. బ్యాంకులు, ఆసుపత్రుల సైట్లను విప్పకుండా వదిలేసే కంపెనీలు చాలానే ఉన్నాయి. బ్యాంకు సైటుకు అసలు సర్టిఫికెట్, వార్తల సైటుకు కంపెనీ సర్టిఫికెట్ కనిపించడం మామూలే.

ఈ ఎత్తు పనిచేసేది రూట్ సర్టిఫికెట్ ఉన్న పరికరంలోనే. మీ సొంత ఫోన్‌ని ఆఫీసు వైఫైకి కలిపితే, గేట్‌వే తయారుచేసిన సర్టిఫికెట్‌ని ఫోన్ నమ్మదు, ఎర్ర హెచ్చరిక చూపిస్తుంది. వైఫై వాడాలంటే సర్టిఫికెట్ వేసుకోవాలని అడిగితే అసలు జాగ్రత్తపడాల్సింది అప్పుడే. వేసుకున్నా ఆండ్రాయిడ్ 7 నుంచి యాప్‌లు చాలావరకు అలాంటి సర్టిఫికెట్‌ని లెక్కచేయవు గానీ, ఫోన్‌లోని క్రోమ్ మాత్రం నమ్ముతుంది.

ఈ మధ్య సైటు పేరునూ దాచే పద్ధతి వచ్చింది: ఈసీహెచ్. క్లౌడ్‌ఫ్లేర్ వెనక ఉన్న సైట్లలో ఇది పనిచేస్తే, గేట్‌వేకి అసలు పేరుకు బదులు cloudflare-ech.com అని మాత్రమే కనిపిస్తుంది. అయితే దీనికి కావలసిన తాళంచెవి డీఎన్ఎస్ ద్వారానే వస్తుంది. డీఎన్ఎస్ సర్వర్ కంపెనీదైతే, అడిగిన పేరు అక్కడే తెలిసిపోతుంది, ఆ తాళంచెవి అందకుండా ఆపేయడమూ దాని చేతిలోనే ఉంటుంది. కంపెనీ లాప్‌టాప్‌లో డీఎన్ఎస్‌ని వేరే దారికి మార్చే సెట్టింగ్‌ని ఐటీ విభాగం బిగించేసి ఉంచడానికి కారణం ఇదే.